ఒకే ఈమెయిల్, ఇద్దరు యజమానులు

ఆఫీసు ఈమెయిల్ కొట్టి ముందుకు వెళ్లగానే మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీ అందరినీ నేరుగా పాస్‌వర్డ్ అడగదు. కొందరిని ముందు ఒక ప్రశ్న వేస్తుంది: It looks like this email is used with more than one account from Microsoft. Which one do you want to use? ఈ ఈమెయిల్‌తో ఒకటికి మించి ఖాతాలున్నాయి, మీకు ఏది కావాలి అని. కింద రెండు వరసలుంటాయి. మొదటిది Work or school account, మీ ఐటీ విభాగం తయారుచేసినది. రెండోది Personal account, మీరు సొంతంగా తయారుచేసుకున్నది. ఈమెయిల్ మాత్రం రెండింటికీ ఒకటే.

పని తొందరలో ఉన్నవాళ్లు ఆ ప్రశ్నను పూర్తిగా చదవరు. రెండింటిలోనూ ఉన్నది తమ ఈమెయిలే కాబట్టి ఏది నొక్కినా ఒకటే అనుకుంటారు. అవి ఒకటి కావు. పాస్‌వర్డులు వేరు, ఫైళ్లు వేరు, మెయిల్‌బాక్సులు వేరు. అన్నిటికన్నా ముఖ్యం, యజమానులు వేరు. ఒకటి కంపెనీది. దాన్ని ఇచ్చేదీ, ఆపేదీ, తీసేసేదీ కంపెనీయే. రెండోది పూర్తిగా మీది. దానిమీద కంపెనీకి ఏ అధికారమూ లేదు, అది ఉన్నట్టు కంపెనీ ఐటీ వాళ్ల తెరమీద కనిపించను కూడా కనిపించదు. ఏళ్ల తరబడి ఈ రెండింటినీ ఒకటే అనుకుంటూ పనిచేసి, ఉద్యోగం మానే రోజున ఇబ్బంది పడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఇబ్బంది ఎలా వస్తుందో, దాన్ని ఎలా విడదీసుకోవాలో కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

అసలు ఒకే పేరుతో రెండు ఖాతాలు ఎందుకు ఉండనిచ్చారు? మైక్రోసాఫ్ట్ దగ్గర ఖాతాల పుస్తకాలు రెండున్నాయి. ఒకటి సామాన్య జనం కోసం. 1999లో పాస్‌పోర్ట్ అన్న పేరుతో మొదలై, తర్వాత విండోస్ లైవ్ ఐడీ అయి, 2012 నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్ అని పిలిపించుకుంటున్నది. ఇందులో ఖాతా తెరవాలంటే హాట్‌మెయిల్ చిరునామాయే ఉండాలని లేదు. జీమెయిల్, యాహూ, ఆఫీసు మెయిల్, ఏదైనా సరే, ఆ మెయిల్‌కు వచ్చిన కోడ్ చెప్పగలిగితే చాలు. రెండో పుస్తకం సంస్థల కోసం. 2011లో ఆఫీస్ 365 వచ్చాక వేగంగా పెరిగింది. దాన్ని చాలాకాలం అజూర్ యాక్టివ్ డైరెక్టరీ అన్నారు, 2023 నుంచి ఎంట్రా ఐడీ అంటున్నారు. ఇందులో పేర్లు రాసేది కంపెనీ అడ్మిన్. ఉద్యోగి గుర్తుపెట్టుకోవడానికి తేలిక అని ఆయన మామూలుగా ఆఫీసు ఈమెయిల్‌నే లాగిన్ పేరుగా పెడతాడు. ఈ పుస్తకంలో రాసేటప్పుడు ఆ పుస్తకంలో ఆ పేరు ఉందో లేదో చూసే ఏర్పాటు లేదు. అదే మూలం.

2016 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దీనికి ఒక అడ్డుకట్ట వేసింది. ఏదైనా కంపెనీ డొమైన్ అప్పటికే సంస్థల పుస్తకంలో నమోదై ఉంటే, ఆ డొమైన్ ఈమెయిల్‌తో కొత్తగా సొంత ఖాతా తెరవడం కుదరదు. మంచి నిర్ణయమే. కానీ దానికి రెండు కంతలు మిగిలాయి. అప్పటికే తెరిచి ఉన్న ఖాతాలను ఎవరూ ముట్టుకోలేదు. అదీకాక, కంపెనీ ఇంకా మైక్రోసాఫ్ట్ మెయిల్‌కు మారకముందే ఉద్యోగి సొంత ఖాతా తెరిచి, కంపెనీ ఆ తర్వాత మారితే, ఈ అడ్డుకట్ట పనికిరాదు. మన దగ్గర చిన్న, మధ్యతరగతి సంస్థలు ఎన్నో ఇదే వరసలో వచ్చాయి. ముందు ఎవరో హోస్టింగ్ వాళ్ల దగ్గర చవకగా మెయిల్ తీసుకోవడం, కొన్నేళ్లకు ఆఫీస్ 365కి మారడం. కాబట్టి 2016తో సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. ఇది ఊహించి చెబుతున్నదే అయినా ఇందులోని ప్రతి మెట్టూ ఈ వ్యవస్థ నిజంగా నడిచే తీరే. హైదరాబాద్ బాలానగర్‌లో మెషీన్ విడిభాగాలు చేసే చిన్న కంపెనీ. హెచ్‌ఆర్ వ్యవహారాలు చూసే ఉద్యోగిని ఒకామె. ఆమె ఆఫీసు ఈమెయిల్ hr@example.com అనుకుందాం. 2013లో ఆమె విండోస్ 8 ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కుంది. మొదటిసారి ఆన్ చేయగానే అది మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగింది. రోజూ చూసే మెయిల్ అదే కదా అని hr@example.com ఇచ్చింది, ఒక పాస్‌వర్డ్ పెట్టుకుంది. మెయిల్‌కు వచ్చిన లింకు నొక్కింది. అక్కడితో ఆ సంగతి మరిచిపోయింది. ఆ రోజు తెరుచుకున్నది ఆమె సొంత ఖాతా. పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు ఆ ల్యాప్‌టాప్ నుంచి వన్‌డ్రైవ్‌లోకి చేరుతూ వచ్చాయి.

2018లో కంపెనీ ఆఫీస్ 365 తీసుకుంది. అడ్మిన్ example.com డొమైన్‌ను నమోదు చేసి, అందరికీ ఖాతాలు తెరిచి, తాత్కాలిక పాస్‌వర్డులు కాగితం మీద రాసి పంచాడు. hr@example.com కూడా అందులో ఒకటి. ఆ పేరుతో ఇప్పటికే ఒక సొంత ఖాతా ఉందని అడ్మిన్‌కు తెలిసే దారి లేదు. తనకు ఒకటి ఉందని ఆమెకు గుర్తూ లేదు.

మొదటి చిక్కు పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది. నెల తిరిగాక ఒక సోమవారం ఉదయం లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది. మరిచిపోయానేమో అనుకుని Forgot password నొక్కింది. కోడ్ పంపామంది. ఆ కోడ్ ఆమె ఫోన్‌లోని ఆఫీసు మెయిల్‌కే వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టింది, అంతా సవ్యంగా జరిగినట్టే కనిపించింది. తిరిగి అవుట్‌లుక్ తెరిస్తే మళ్లీ తప్పు. ఐటీ అతనికి ఫోన్ చేసింది. అతను తన వైపు నుంచి పాస్‌వర్డ్ మార్చి కొత్తది చెప్పాడు. ఆమె అప్పటికే తెరిచి ఉన్న పేజీలో దాన్ని కొట్టింది. అదీ తప్పే. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరూ తప్పు కొట్టడం లేదు. ఆమె మార్చింది సొంత ఖాతా పాస్‌వర్డు, అతను మార్చింది ఆఫీసు ఖాతా పాస్‌వర్డు. ఆమె ఒక ఖాతా పాస్‌వర్డును ఇంకో ఖాతా గుమ్మం దగ్గర చెబుతోంది.

ఇక్కడ మోసం చేసేది ఏమిటంటే, సొంత ఖాతాకు సంబంధించిన కోడ్ కూడా ఆఫీసు మెయిల్‌బాక్సుకే వస్తుంది, ఎందుకంటే ఖాతా తెరిచింది ఆ చిరునామాతోనే. ఆఫీసు మెయిల్‌కు వచ్చిన కోడ్ ఆఫీసు ఖాతాదే అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కోడ్ ఎక్కడికి వచ్చిందన్నది కాదు, ఎక్కడినుంచి వచ్చింది, మీరు ఏ పేజీలో ఉండి అడిగారు అన్నదే చూడాలి. పాస్‌వర్డ్ మార్చే పేజీ చిరునామాలో live.com ఉంటే మీరు మారుస్తున్నది సొంత ఖాతా. passwordreset.microsoftonline.com ఉంటే ఆఫీసుది. పాస్‌వర్డ్ పనిచేయడం లేదని హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసినప్పుడు, ముందు ఈ పేజీ చిరునామా చదివి చెప్పమని అడిగే ఐటీ వాళ్లు సగం సమయం ఆదా చేసుకుంటారు.

మరి లాగిన్ పేజీ ప్రతిసారీ ఏ ఖాతా అని అడుగుతుంది కదా, ఇంత గందరగోళం ఎందుకు? ప్రతిసారీ అడగదు. ఉమ్మడి గుమ్మం దగ్గర మాత్రమే అడుగుతుంది. onedrive.live.com, outlook.live.com లాంటి సామాన్య జనం సేవల్లోకి నేరుగా వెళ్తే అది సొంత ఖాతా పుస్తకాన్నే తెరుస్తుంది, ప్రశ్న ఉండదు. కంపెనీ వాడే ప్రత్యేక యాప్‌లోకి వెళ్తే ఆఫీసు పుస్తకమే. పైగా బ్రౌజర్ పాత లాగిన్‌ను గుర్తుపెట్టుకుంటుంది. ల్యాప్‌టాప్‌లోకే సొంత ఖాతాతో లాగిన్ అయి ఉంటే, ఎడ్జ్ బ్రౌజర్ ఆ ఖాతాతోనే తనంతట తాను లోపలికి తీసుకెళ్లిపోతుంది. ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరుంటే, కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ దారిలో ముందు తగిలిన ఇంట్లో ఉత్తరం ఇచ్చి వెళ్లిపోయినట్టు ఉంటుంది వ్యవహారం.

రెండో చిక్కు ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. కంపెనీ ఆడిటర్ తమ షేర్‌పాయింట్‌లో ఒక ఫైలు పెట్టి hr@example.com పేరుకు అనుమతి ఇచ్చాడు. ఆమె లింకు నొక్కింది. hr@example.com అనే యూజర్ మా డైరెక్టరీలో లేరు అని ఎర్రర్. ఆడిటర్‌కు ఫోన్ చేస్తే, సరిగ్గా ఆ ఈమెయిల్‌కే ఇచ్చానండీ అని స్క్రీన్‌షాట్ పంపాడు. రెండు తెరల మీదా అక్షరం పొల్లుపోకుండా అదే ఈమెయిల్. అనుమతి ఉన్నది ఆఫీసు ఖాతా hr కి, లోపలికి వెళ్లబోయింది సొంత ఖాతా hr. కంప్యూటర్ మనుషులను ఈమెయిల్‌తో గుర్తుపట్టదు. లోపల ప్రతి ఖాతాకూ వేరే పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అనుమతులన్నీ దానికే ముడిపడి ఉంటాయి. తెరమీద మనకు చూపించేది మాత్రం ఈమెయిల్. కొన్నిసార్లు AADSTS50020 అనే కోడ్‌తో, live.com నుంచి వచ్చిన ఈ ఖాతా ఈ సంస్థలో లేదు అన్న అర్థం వచ్చే సందేశం కనిపిస్తుంది. అందులో live.com అన్న ముక్క ఉందంటే మీరు సొంత ఖాతాతో వచ్చారని అది చెబుతున్నట్టే. ఆడిటర్‌ను మళ్లీ మళ్లీ అనుమతి ఇవ్వమని అడగడం వల్ల లాభం లేదు.

ఇలాంటప్పుడు తేలిక పరీక్ష ఒకటుంది. ఎడ్జ్‌లో, క్రోమ్‌లో Ctrl+Shift+N నొక్కితే పాత లాగిన్లు ఏవీ గుర్తులేని ప్రైవేటు కిటికీ తెరుచుకుంటుంది. అదే లింకును అందులో అతికించి, ప్రశ్న వచ్చినప్పుడు Work or school account ఎంచుకోండి. ఫైలు తెరుచుకుంటే రోగం ఇదేనని తేలిపోయినట్టే.

మూడో చిక్కు కంటికి కనిపించదు, అందుకే అన్నిటికన్నా ప్రమాదకరం. ఎర్రర్ వస్తే కనీసం ఆగుతాం. తప్పు ఖాతాలోకి వెళ్లినా పని సాఫీగా సాగిపోతే అనుమానమే రాదు. ఆమె జీతాల పట్టిక ఎక్సెల్‌లో చేసి, సేవ్ చేసేటప్పుడు జాబితాలో కనిపించిన OneDrive - Personal నొక్కింది. దాని కిందే కంపెనీ పేరుతో ఇంకో వన్‌డ్రైవ్ ఉంది. రెండింటి దగ్గరా కనిపించే ఈమెయిల్ ఒకటే కాబట్టి పట్టించుకోలేదు. అలా రెండేళ్ల జీతాల లెక్కలు, ఉద్యోగుల ఆధార్ కాపీలు, పీఎఫ్ కాగితాలు ఆమె పిల్లల ఫొటోల పక్కన వచ్చి కూర్చున్నాయి. కంపెనీ బ్యాకప్‌లో అవి లేవు, కంపెనీ భద్రతా నియమాలు వాటికి వర్తించవు. ఆమె ఏ తప్పుడు ఉద్దేశంతోనూ చేయలేదు. కానీ ఉద్యోగుల గుర్తింపు కాగితాలు కంపెనీ చేయి దాటి ఒకరి సొంత ఖాతాలోకి వెళ్లిపోయాయన్నది నిజం.

ఏ ఖాతాలో ఉన్నామో కనిపెట్టడానికి ఈమెయిల్ వైపు చూడకండి, అది ఏమీ చెప్పదు. బ్రౌజర్ పైన చిరునామా గడి చూడండి. onedrive.live.com ఉంటే సొంతది. కంపెనీ పేరు తర్వాత -my.sharepoint.com అని ఉంటే ఆఫీసుది. విండోస్‌లో గడియారం పక్కన ఉండే మేఘం గుర్తు తెల్లగానో బూడిదరంగులోనో ఉంటే సొంత వన్‌డ్రైవ్, నీలంగా ఉంటే ఆఫీసు వన్‌డ్రైవ్. నిల్వ జాగా కూడా ఆనవాలే. ఉచిత సొంత ఖాతాకు ఇచ్చేది 5 జీబీ. కంపెనీ డబ్బు కట్టి తీసుకునే మామూలు ప్లాన్లలో ఒక్కో ఉద్యోగికి 1 టీబీ దాకా ఉంటుంది. 5 జీబీ నిండిపోయింది, ఇంకా కావాలంటే కొనుక్కోండి అని ఆఫీసు పని మధ్యలో సందేశం వస్తే, మీ ఫైళ్లు తప్పు చోట చేరుతున్నాయని అర్థం.

మెయిల్ దగ్గరా ఒక ఆనవాలుంది, అది మొదటిసారి చూసినవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. సొంత ఖాతాతో outlook.live.com తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తుంది. మెయిళ్లన్నీ పోయాయనుకుంటారు. ఏవీ పోలేదు. అసలు మెయిల్‌బాక్స్ కంపెనీ దగ్గర పదిలంగానే ఉంది. ఇది సొంత ఖాతాకు మైక్రోసాఫ్ట్ తనంతట తాను తగిలించిన వేరే ఖాళీ డబ్బా. అక్కడినుంచి ఎవరికైనా మెయిల్ పంపితే, అందుకున్నవాళ్లకు మీ పేరు పక్కన outlook_ తో మొదలై అంకెలు, అక్షరాలు కలగలిసిన పొడవాటి చిరునామా కనిపిస్తుంది, చివర @outlook.com అని ఉంటుంది. ఈ రోజుల్లో అలాంటి మెయిల్ చూసి దొంగ మెయిల్ అనుకుని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. ఇంటర్వ్యూకు రమ్మని పంపిన మెయిల్‌కు అభ్యర్థి జవాబివ్వకపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఇప్పుడు ఆమె ఉద్యోగం మానేసే రోజు. కంపెనీ hr@example.com ను ఆపలేదు, ఆమె స్థానంలో వచ్చిన కొత్త అతనికి అప్పజెప్పింది. హెచ్‌ఆర్, అకౌంట్స్, సేల్స్ లాంటి పదవి పేరుతో ఉండే ఈమెయిళ్లకు ఇది మామూలే. కానీ ఆమె సొంత ఖాతా పేరు ఇంకా అదే. ఆమె సొంత ఖాతాకు సంబంధించిన కోడ్‌లు ఇకమీదట వెళ్లేది అతని ముందుకు. అతను ఒకరోజు ఆఫీసు పని మీద లాగిన్ అవబోయి, ఏ ఖాతా అన్న ప్రశ్న వస్తే తెలియక Personal account నొక్కుతాడు. పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి Forgot password నొక్కుతాడు. కోడ్ తన మెయిల్‌కే వస్తుంది. కొత్త పాస్‌వర్డ్ పెడతాడు. ఆ ఖాతాకు ఆమె రెండంచెల తనిఖీ పెట్టుకోకపోతే, అంతే, ఆమె పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు అతని తెరమీద ఉంటాయి. అతను దొంగ కాదు, తన పేరు మీద ఉన్న ఖాతానే తెరిచాననుకుంటున్నాడు. ఆమెకు మాత్రం తన ఖాతాలోకి వెళ్లే దారి మూసుకుపోయింది.

ఈమెయిల్ వ్యక్తి పేరుతో ఉండి, ఉద్యోగం మానగానే కంపెనీ దాన్ని తీసేస్తే పరాయివాళ్ల చేతిలో పడే భయం తక్కువ. కానీ పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున కోడ్ రావాల్సిన మెయిల్‌బాక్సే ఉండదు. అప్పుడు కంపెనీని అడిగితే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు, ఆ ఖాతా వాళ్ల పుస్తకంలోదే కాదు. పైగా రెండేళ్లపాటు ఎవరూ లాగిన్ అవని సొంత ఖాతాను మూసేసే హక్కు తనకుందని మైక్రోసాఫ్ట్ నియమాల్లోనే ఉంది.

విడదీసుకోవడం కష్టమైన పనేమీ కాదు, కానీ వరస తప్పకూడదు. సొంత ఖాతాను మూసేయాల్సిన పని లేదు, పేరు మార్చాలి. ఆ ప్రశ్న వచ్చే పేజీలోనే కింద Rename your personal Microsoft account అని ఒక లింకు ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. లేకపోతే account.microsoft.com కి వెళ్లి సొంత ఖాతాతో లాగిన్ అవండి. ఇక్కడా ఒక జాగ్రత్త, myaccount.microsoft.com అన్నది ఆఫీసు ఖాతా పేజీ. ముందు my ఉందో లేదో చూసుకోండి.

లోపలికి వెళ్లాక అన్నిటికన్నా ముందు భద్రత విభాగంలో మీ మొబైల్ నంబరు, మీ సొంత జీమెయిల్ లాంటిది చేర్చండి. కోడ్‌లు ఇకమీదట అక్కడికి రావాలి. చేర్చేటప్పుడు గుర్తింపు కోసం పాత మెయిల్‌కు కోడ్ పంపే అవకాశముంది, కాబట్టి ఆఫీసు మెయిల్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ఇది జరగాలి. పాత వివరాలేవీ మీ చేతిలో లేకుండా మొత్తం కొత్తవి పెట్టాలంటే ముప్ఫై రోజులు ఆగాల్సి వస్తుంది. ఖాతా దొంగల చేతిలో పడకుండా పెట్టిన గడువు అది, ఎవరి కోసమూ తగ్గించరు.

తర్వాత Your info పేజీలో, లాగిన్ పేర్లను మార్చుకునే చోటికి వెళ్లండి. కొత్త ఈమెయిల్ చేర్చండి. మీ జీమెయిల్ అయినా సరే, అక్కడికక్కడే కొత్త outlook.com చిరునామా తీసుకున్నా సరే. దాన్ని ముఖ్య పేరుగా పెట్టండి. ఇక్కడితో పని అయిపోయిందనుకుని చాలామంది ఆపేస్తారు. ఆగకూడదు. ఆఫీసు ఈమెయిల్ ఆ జాబితాలో మారుపేరుగా మిగిలి ఉన్నంతకాలం దానితో కూడా లాగిన్ అవ్వొచ్చు, ప్రశ్న వస్తూనే ఉంటుంది. దాని ఎదుట ఉన్న Remove నొక్కి తీసేస్తేనే విడిపోయినట్టు. భద్రత విభాగంలో కోడ్‌లు వెళ్లే జాబితాలో కూడా ఆఫీసు ఈమెయిల్ ఉంటే అక్కడినుంచీ తీసేయండి. ఈ రెండూ వేరువేరు జాబితాలు. ఒకచోట తీస్తే రెండోచోట దానంతట అది పోతుందని అనుకోవద్దు.

పేరు మారినా ఖాతా అదే కాబట్టి ఫొటోలు, కొనుగోళ్లు, సభ్యత్వాలు ఎక్కడికీ పోవు. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో కొన్నిచోట్ల మళ్లీ లాగిన్ అవమని అడగవచ్చు, అంతే. సొంత ఖాతాలో చేరిపోయిన ఆఫీసు ఫైళ్లను మాత్రం మీరే తరలించాలి. వాటిని ఆఫీసు వన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, బ్రౌజర్లో అక్కడ తెరిచి చూసుకుని, ఆ తర్వాతే పాతచోట తీసేయండి. మీరు ఇంతకుముందు ఇతరులకు ఇచ్చిన లింకులు పనిచేయవు, కొత్తవి పంపుకోవాలి. కొత్త చోట పాత ఫైలు మార్పుల చరిత్ర కూడా ఉండదు.

ఇదే ఇబ్బంది గూగుల్‌లోనూ ఉంది, కానీ వాళ్లు వేరే దారి ఎంచుకున్నారు. ఆఫీసు ఈమెయిల్‌తో మీకు సొంత గూగుల్ ఖాతా ఉండి, తర్వాత కంపెనీ అదే చిరునామాతో ఖాతా తెరిస్తే, గూగుల్ రెండింటినీ ఒకే పేరుతో కొనసాగనివ్వదు. సొంత ఖాతా పేరు మార్చుకోమంటుంది. మార్చుకునేదాకా దానికి @gtempaccount.com అని ముగిసే తాత్కాలిక పేరు తగిలిస్తుంది. చూడటానికి ఆ పేరు వికారంగా ఉంటుంది, వినియోగదారుడు కంగారుపడతాడు. అయినా నాకు గూగుల్ పద్ధతే మేలనిపిస్తుంది. కంగారు మొదటి రోజునే పడి, ఒక్కసారితో అయిపోతుంది. రెండు ఖాతాలనూ ఒకే పేరుతో ఉంచి ప్రతిసారీ మనల్ని అడగడం మర్యాదగా కనిపించినా, ఆ మర్యాద భారం ఏళ్ల తరబడి వినియోగదారుడి మీదే పడుతుంది.

ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు ఒక మాట. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ కాలేజీదే. సర్టిఫికేషన్ పరీక్షలు రాసేటప్పుడు ఏ ఖాతాతో నమోదు చేసుకున్నారో అందులోనే మీ సర్టిఫికెట్లు ఉంటాయి. చదువు అయ్యాక కాలేజీ ఆ ఖాతాను తీసేస్తే వాటిని చూసుకోవడానికి నానా తంటాలు పడాలి. వాటికి ఎప్పుడూ సొంత ఖాతానే, అదీ సొంత ఈమెయిల్‌తో తెరిచినదే వాడండి.

ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు రాజీనామా లేఖ ఇచ్చిన వారంలోనే ఒకసారి ప్రైవేటు కిటికీ తెరిచి, login.microsoftonline.com లో ఆఫీసు ఈమెయిల్ కొట్టి చూడండి. ఏ ఖాతా అన్న ప్రశ్న వస్తే మీకు విడదీయాల్సిన పని ఉంది. నోటీస్ పీరియడ్‌లో ఆఫీసు మెయిల్ తెరుచుకుంటూనే ఉంటుంది కాబట్టి కోడ్ చేతికి వస్తుంది, పని అక్కడికక్కడే అయిపోతుంది. ఆఖరి రోజు సాయంత్రం ఐటీ వాళ్లు మీ మెయిల్ ఆపేశాక ఇది గుర్తుకొస్తే, ఆ కోడ్ ఇక మీ చేతికి రాదు.